నమోదు పెరిగితే పని తగ్గినట్లేనా? కలిదిండి – కొల్లేరు ప్రాంతంలో బాలకార్మికత, పాఠశాల నమోదు: ఒక కారణ విశ్లేషణ

వ్యాస సంగ్రహం

బాలకార్మికత తగ్గితే పాఠశాల నమోదు పెరుగుతుందని, నమోదు పెరిగితే బాలకార్మికత తగ్గినట్లేనని అభివృద్ధి అధ్యయనాలలో తరచుగా భావిస్తుంటారు. ఈ రెండు సంఖ్యలు ఒకే వాస్తవానికి రెండు ముఖాలు కావని, వాటి మధ్య సంబంధాన్ని కారణ – కార్య సంబంధంగా నిరూపించడానికి ప్రత్యేకమైన జాగ్రత్తలు అవసరమని ఈ వ్యాసం వివరిస్తుంది. ఏలూరు జిల్లా కలిదిండి మండలం, దానికి పొరుగున ఉన్న కొల్లేరు సరస్సు ప్రాంతం ఇందుకు ఉదాహరణగా తీసుకోబడ్డాయి. 2006లో జరిగిన ఆపరేషన్ కొల్లేరును సహజ ప్రయోగంగా వాడుకోవడంలోని అవకాశాన్ని, అందులోని ప్రమాదాన్ని, తల్లుల ఖాతాలకు నగదు బదిలీ చేసే పథకాల నిర్మాణం పిల్లల పనిపై చూపగల ప్రభావాన్ని వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బాలకార్మికత, పాఠశాల నమోదు, హాజరు, కారణ విశ్లేషణ, కొల్లేరు, కలిదిండి, చేపల చెరువులు, అమ్మ ఒడి, తల్లికి వందనం.

1. ఉపోద్ఘాతం

కలిదిండి మండలం 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఏలూరు జిల్లాలో చేరింది. కైకలూరుకు దక్షిణాన, ఉప్పుటేరుకు చేరువలో ఉన్న ఈ మండలంలో వరిచేలతో పాటు చేపల చెరువులు, రొయ్యల చెరువులు విస్తారంగా కనిపిస్తాయి. ఇక్కడి పాఠశాల రిజిస్టరును ఒక చేత, చెరువు గట్టుమీది జీవితాన్ని మరొక చేత పట్టుకొని చూసిన పరిశోధకునికి ఒక ప్రశ్న ఎదురవుతుంది. రిజిస్టరులో పేరున్న బాలుడు పనిలో లేడని చెప్పగలమా? రిజిస్టరులో పేరు లేని బాలుడు పని వల్లనే బడికి దూరమయ్యాడని చెప్పగలమా?

మొదటి ప్రశ్న కొలతకు సంబంధించినది. రెండవది కారణానికి సంబంధించినది. ఈ రెండింటినీ విడదీయకుండా రాసిన పరిశోధనలో సాధారణంగా ఒకే రకమైన దోషం తలెత్తుతుంది. పనిచేసే పిల్లలలో బడి మానేసినవారు ఎక్కువ కాబట్టి పనే బడి మానడానికి కారణమని తేల్చివేయడం ఆ దోషం. పని, బడి మానడం ఒకే ఇంట్లో కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కాదు. తల్లిదండ్రుల అప్పు, వలస, బడి దూరం వంటి మూడవ కారకం రెండింటినీ ఒకేసారి కలిగించవచ్చు. లేదా కారణ దిశే తలకిందులై ఉండవచ్చు. తరగతిలో వెనుకబడిన పిల్లవాడు ముందు బడి మాని, ఖాళీగా ఉన్నందువల్ల ఆ తరువాత పనిలో చేరవచ్చు. ఈ మూడు సందర్భాలలోనూ సర్వే పట్టికలో కనిపించే సంఖ్య ఒకటే. తీసుకోవలసిన విధానపరమైన చర్య మాత్రం మూడింటికీ వేరు.

2. కొలతలోనే ఉన్న చిక్కు

కారణాన్ని వెతకడానికి ముందు, కొలుస్తున్నది ఏమిటో తేలాలి. జనాభా లెక్కల ఆధారంగా ప్రచురితమైన పట్టికల ప్రకారం 5 – 14 ఏళ్ల వయసులో పనిచేసే పిల్లలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991లో 16,61,940 మంది. 2001లో 13,63,339 మంది. 2011లో 4,04,851 మంది. పదేళ్లలో బాలకార్మికులు మూడింట రెండు వంతులకు పైగా తగ్గిపోయారని ఈ వరుసను చూసినవారు భావిస్తారు. అనేక వ్యాసాలలో ఈ పోలిక ఇలాగే కనిపిస్తుంది.

అయితే 2001 సంఖ్యలో ప్రధాన కార్మికులు, ఉపాంత కార్మికులు ఇద్దరూ ఉన్నారు. 2011కు తరచుగా ఉదహరించే సంఖ్య ప్రధాన కార్మికులది మాత్రమే. ఏడాదిలో 6 నెలలు లేదా అంతకు మించి పనిచేసినవారు ప్రధాన కార్మికులు, అంతకన్నా తక్కువ కాలం పనిచేసినవారు ఉపాంత కార్మికులు. దేశం మొత్తానికి చూస్తే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. 2001లో ఇద్దరినీ కలిపి 1.26 కోట్లు. 2011లో ప్రధాన కార్మికులు మాత్రమే అయితే 43.5 లక్షలు, ఇద్దరినీ కలిపితే 1.01 కోట్లు. తగ్గుదల నిజమే. కానీ అది మూడింట రెండు వంతులు కాదు, సుమారు ఐదింట ఒక వంతు.

ఈ వ్యత్యాసం కలిదిండి వంటి ప్రాంతానికి మరింత ముఖ్యం. ఇక్కడ పిల్లల పని ఏడాది పొడవునా ఒకే తీరున సాగేది కాదు. చేపల పట్టుబడి రోజుల్లో, రొయ్యలు ఒలిచే రోజుల్లో, వరి కోతల్లో పని పెరుగుతుంది, మిగిలిన కాలంలో తగ్గుతుంది. ఇటువంటి పనిలో ఉన్న బాలుడు నిర్వచనం ప్రకారమే ఉపాంత కార్మికుడు అవుతాడు. ప్రధాన కార్మికుల పట్టికలో అతడు ఉండడు. బడికి వెళుతూ పనిచేసే పిల్లలందరూ దాదాపు ఈ వర్గంలోకే వస్తారు. అంటే నమోదుకూ పనికీ గల సంబంధాన్ని పరిశీలించేవారికి ఏ వర్గం అత్యంత అవసరమో, ఆ వర్గాన్నే ఆ పట్టిక తొలగిస్తుంది.

పాఠశాల వైపు కొలతలోనూ ఇటువంటి పరిమితి ఉంది. జిల్లా విద్యా సమాచార వ్యవస్థ, అనగా డైస్, దాని తరువాతి రూపమైన యూడైస్, చాలా సంవత్సరాల పాటు సెప్టెంబరు 30ని ప్రామాణిక తేదీగా తీసుకొని నమోదును లెక్కించాయి. ఆ రోజున రిజిస్టరులో పేరు ఉంటే చాలు, నమోదు అయినట్లే. జనవరిలో ఆ పిల్లవాడు పట్టుబడి పనిలో ఉన్నాడా, బడిలో ఉన్నాడా అనేది ఆ సంఖ్య చెప్పదు. పైగా నమోదులో వచ్చే మార్పు పిల్లల స్థితిలో మార్పు కానవసరం లేదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన తరువాత ఎలిమెంటరీ స్థాయి పూర్తయ్యేవరకు ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి తొలగించకూడదు. అందువల్ల రాని పిల్లవాని పేరు కూడా రిజిస్టరులో కొనసాగే అవకాశం పెరిగింది.

కాబట్టి కారణ విశ్లేషణకు తగిన కొలత నమోదు కాదు, కాలం. ఒక సాధారణ దినంలో పిల్లవాడు బడిలో ఎన్ని గంటలు, ఇంటి పనిలో ఎన్ని గంటలు, కూలిపనిలో ఎన్ని గంటలు, ఆటలో, నిద్రలో ఎన్ని గంటలు గడిపాడో అడిగే పద్ధతి ఇది. 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లలను అనుసరించిన యంగ్ లైవ్స్ అధ్యయనం ఈ పద్ధతిని వాడింది. అందులో పొరుగు జిల్లా అయిన నాటి పశ్చిమ గోదావరి కూడా ఉంది. గంటల లెక్క తీసుకున్నప్పుడే తమ్ముణ్ణి ఎత్తుకొని గుడిసెలో ఉండిపోయిన బాలిక శ్రమ లెక్కలోకి వస్తుంది. కార్మికుల పట్టికలోనూ పాఠశాల పట్టికలోనూ లేని పిల్లలలో ఇటువంటి బాలికల వాటా గణనీయమైనది.

3. చెరువు పనిలో పిల్లల శ్రమ: మూడు కారణ మార్గాలు

చేపల చెరువు పనిని దగ్గరగా చూస్తే పిల్లల శ్రమ ఎక్కడ చేరుతుందో అర్థమవుతుంది. తవుడు, చెక్క నింపిన చిల్లుల సంచులను చెరువులో పాతిన గెడలకు కట్టడం, పక్షులను తోలడం, రాత్రి కాపలా, పట్టుబడి నాడు చేపలను ఏరడం, ఐసు వేయడం ఇందులోని పనులు. కాపలాకు గట్టుమీద గుడిసెలో ఒక కుటుంబాన్ని ఉంచే పద్ధతి ఉంది. ఇక్కడ జీతం కుటుంబానికి మొత్తంగా లభిస్తుంది. పిల్లవానికి విడిగా కూలి లేదు, హాజరు పట్టీ లేదు, యజమాని అతణ్ణి పనిలో పెట్టుకోనూ లేదు. రొయ్యల తలలు తీసే పనిలో కిలోకు ఇంత అని కూలి కట్టినప్పుడు కూడా పరిస్థితి ఇదే. తల్లి పక్కన కూర్చున్న పిల్ల ఒలిచినది తల్లి తూకంలోనే కలుస్తుంది.

చట్టం వైపు నుంచి చూసినా ఈ ఏర్పాటు స్పష్టంగా పట్టుబడదు. 1986 నాటి బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 ఏళ్లలోపు పిల్లలను ఏ వృత్తిలోనూ పెట్టుకోరాదని నిషేధించింది. అయితే ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో బడి వేళల తరువాత, సెలవుల్లో సహాయపడడాన్ని మినహాయించింది. గట్టుమీది కాపలా కుటుంబానికి ఆ చెరువు సొంత వృత్తి కాదు, అది వేరొకరి వ్యాపారం. కానీ పని కుటుంబం పేరున సాగుతున్నందువల్ల పైకి కుటుంబ వృత్తిలాగే కనిపిస్తుంది.

ఈ నేపథ్యంలో పిల్లవాడు బడికి దూరం కావడానికి మూడు మార్గాలు ఉన్నాయి. మొదటిది ఆదాయ మార్గం. కౌశిక్ బసు, ఫామ్ హోయాంగ్ వాన్ 1998లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం పెద్దల ఆదాయం ఒక కనీస స్థాయికి దిగువన ఉన్నప్పుడే తల్లిదండ్రులు పిల్లలను పనికి పంపుతారు. ఆ స్థాయి దాటితే మాన్పిస్తారు. రెండవది గిరాకీ మార్గం. పిల్లవాడు చేయగల పని ఇంటి ముందే ఉండడం వల్ల అతని సమయానికి విలువ ఏర్పడుతుంది. ఈ మార్గంలో ఆదాయం పెరిగినా పని పెరగవచ్చు. సోనియా భలోత్రా, క్రిస్టఫర్ హీడీ ఘనా, పాకిస్తాన్‌లను పరిశీలించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, భూమి ఎక్కువగా ఉన్న ఇళ్లలో పిల్లల పని కూడా ఎక్కువగా కనిపించే సందర్భాలను చూపారు. భూమితో పాటు చేతికందే పని పెరగడమే దానికి హేతువు. మూడవది పాఠశాల మార్గం. బడి అందుబాటులో లేకపోవడమో, వెళ్లినా ఏమీ రాకపోవడమో ముందు జరుగుతుంది, పని ఆ తరువాత వస్తుంది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన కృషి ఈ మార్గంపైనే ఆధారపడింది. పేదరికం తొలగేవరకు ఆగనవసరం లేదని, బడి వ్యవస్థ పిల్లవాణ్ణి స్వీకరించగలిగితే పేద తల్లిదండ్రులు కూడా పంపుతారని ఆ సంస్థ వాదించింది. పనిలో ఉన్న పిల్లలను శిబిరాల ద్వారా వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసే పద్ధతి అక్కడినుంచే ప్రసిద్ధమైంది.

చెరువు గట్టు విషయంలో పాఠశాల మార్గానికి ఒక స్థానిక రూపం ఉంది. విద్యాహక్కు నియమాలు నివాస ప్రాంతం నుంచి ప్రాథమిక పాఠశాల 1 కి.మీ. లోపు, ప్రాథమికోన్నత పాఠశాల 3 కి.మీ. లోపు ఉండాలన్న ప్రమాణాన్ని పాటిస్తాయి. నివాస ప్రాంతం అంటే గుర్తింపు పొందిన ఊరు లేదా పేట. విడిగా గట్టుమీద ఉన్న ఒక్క గుడిసె ఆ లెక్కలోకి రాదు. ఊరి మధ్య నుంచి కొలిస్తే బడి దగ్గరే, గుడిసె నుంచి కొలిస్తే వానాకాలంలో బురద గట్లమీద దూరమే.

ఈ మూడు మార్గాలను విడదీయడానికి పరిశోధకుడు అడగవలసిన సులభమైన ప్రశ్న ఒకటి ఉంది. బడి మానిన నెల ఏది, మొదటి పని మొదలైన నెల ఏది? పని ముందుగా మొదలై తరువాత హాజరు తగ్గితే గిరాకీ లేదా ఆదాయ మార్గానికి బలం చేకూరుతుంది. హాజరు ముందే తగ్గి నెలల తరువాత పని మొదలైతే పాఠశాల మార్గాన్ని పరిశీలించాలి. కాలక్రమం ఒక్కటే కారణాన్ని నిరూపించదు. అయితే కాలక్రమాన్ని అడగని ప్రశ్నావళితో కారణ దిశను గురించి ఏమీ చెప్పలేము.

4. ఆపరేషన్ కొల్లేరు: సహజ ప్రయోగం, దాని ఉచ్చు

గిరాకీ, ఆదాయ మార్గాలు సాధారణంగా కలిసే కదులుతాయి. చెరువులు పెరిగితే పిల్లలకు పనీ పెరుగుతుంది, పెద్దలకు ఆదాయమూ పెరుగుతుంది. వీటిని విడదీయడానికి బయటినుంచి వచ్చిన ఒక పెద్ద మార్పు కావాలి. కొల్లేరు చరిత్రలో అటువంటి మార్పు ఒకటి ఉంది. సరస్సులో +5 అడుగుల కాంటూరు వరకు గల సుమారు 308 చ.కి.మీ. ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. 2006 ప్రథమార్ధంలో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగగొట్టించింది.

ఈ నిర్ణయం పర్యావరణ కారణాలతో తీసుకున్నది. ఏ ఊరిలో ఎంతమంది పిల్లలు బడికి పోతున్నారన్న దానితో దానికి సంబంధం లేదు. అందుకే ఇది సహజ ప్రయోగంగా ఆకర్షిస్తుంది. ఊహలు రెండు. గిరాకీ మార్గమే బలమైనదైతే చెరువులు పోయిన ఊళ్లలో పిల్లల పని తగ్గి హాజరు పెరగాలి. ఆదాయ మార్గమే బలమైనదైతే పెద్దల ఉపాధి పోయినందువల్ల హాజరు తగ్గాలి. పరీక్షించడానికి సాధారణంగా వాడేది తేడాలలో తేడా పద్ధతి. కాంటూరు లోపలి ఊళ్లలో ముందూ తరువాతా వచ్చిన మార్పు నుంచి, అభయారణ్య పరిధిలో లేని కలిదిండి వంటి పొరుగు మండలపు ఊళ్లలో వచ్చిన మార్పును తీసివేస్తారు. మిగిలినది చెరువుల తొలగింపు ప్రభావమని భావిస్తారు.

ఉచ్చు ఇక్కడే ఉంది. చెరువు పని తెలిసిన కుటుంబం, ఉన్న చెరువు పోతే, చెరువులు మిగిలి ఉన్న పొరుగు ప్రాంతానికి తరలవచ్చు. అప్పుడు ఏమవుతుందో ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు. కింది సంఖ్యలు వివరణ కోసం తీసుకున్నవి మాత్రమే.

కాంటూరు లోపలి ఊరిలో 11 – 14 ఏళ్ల పిల్లలు 100 మంది, అందులో బడికి వెళ్లేవారు 70 మంది అనుకుందాం. కలిదిండి వైపు పోలిక ఊరిలో 100 మంది, వెళ్లేవారు 72 మంది. చెరువులు తొలగిన తరువాత మొదటి ఊరి నుంచి బడికి వెళ్లని పిల్లలు 10 మంది తమ కుటుంబాలతో రెండవ ఊరికి తరలారు. ఇంకేమీ మారలేదు. బడికి వెళ్లే ఏ ఒక్క పిల్లవాడూ మానలేదు, వెళ్లని ఏ ఒక్కడూ చేరలేదు.

ఇప్పుడు మొదటి ఊరిలో 90 మందికి 70 మంది, అంటే 77.8 శాతం హాజరు. ముందు 70 శాతం కాబట్టి 7.8 పాయింట్లు పెరిగింది. రెండవ ఊరిలో 110 మందికి 72 మంది, అంటే 65.5 శాతం. ముందు 72 శాతం కాబట్టి 6.5 పాయింట్లు తగ్గింది. తేడాలలో తేడా 14.3 పాయింట్లు. చెరువులు తొలగించినందువల్ల హాజరు 14 పాయింట్లకు పైగా పెరిగిందని వ్యాసం ప్రకటిస్తుంది. నిజానికి ఒక్క పిల్లవాని ప్రవర్తన కూడా మారలేదు. పది మంది చిరునామా మాత్రమే మారింది.

ఈ దోషాన్ని గుర్తించే మార్గం ఆ లెక్కలోనే ఉంది. శాతాలు భారీగా మారినా, బడికి వెళ్లే పిల్లల సంఖ్యలు రెండు ఊళ్లలోనూ మారలేదు. శాతం కదిలి సంఖ్య కదలకపోతే, లవంలో కాక హారంలో మార్పు జరిగిందని, అంటే జనం కదిలారని అనుమానించాలి. పాఠశాల రిజిస్టరు ఒక్కటే ఆధారమైతే మరొక చిక్కు కూడా వస్తుంది. బడికి వెళ్లే పిల్లవాడే కుటుంబంతో తరలిపోతే, పాత బడి అతణ్ణి మానినవానిగా చూపవచ్చు, కొత్త బడి కొత్త చేరికగా చూపవచ్చు. రెండు చోట్లా మార్పు నమోదవుతుంది, పిల్లవాని విద్య మాత్రం అలాగే ఉంటుంది.

దీనికి పరిష్కారం పిల్లవాణ్ణి ఇప్పుడున్న ఊరిని బట్టి కాక, 2006 జనవరిలో ఉన్న ఊరిని బట్టి వర్గీకరించడం. అతడు తరువాత ఎక్కడికి వెళ్లినా మొదటి ఊరి లెక్కలోనే ఉంటాడు. పై ఉదాహరణను ఇలా తిరిగి లెక్కిస్తే మొదటి ఊరి హాజరు ముందూ తరువాతా 70 శాతమే. తేడాలలో తేడా సున్నా. అదే సరైన సమాధానం. ఇటువంటి సమాచారాన్ని నేటికీ సేకరించవచ్చు. 1992 – 95 మధ్య పుట్టినవారు 2006లో 11 – 14 ఏళ్లవారు. 1984 – 87 మధ్య పుట్టినవారు అప్పటికే పాఠశాల వయసు దాటినవారు. ఈ రెండు వర్గాలను 2006 జనవరి నాటి నివాసం, చదివిన చివరి తరగతి, మొదటి కూలిపని నాటి వయసు అడిగి పోల్చవచ్చు. ఇండోనేషియా పాఠశాలల నిర్మాణంపై ఎస్తర్ డూఫ్లో 2001లో ప్రచురించిన అధ్యయనం జన్మ సంవత్సరాల పోలికను ఇదే తీరున ఉపయోగించింది.

ఇలా చేసినా కలిదిండిని నిష్కళంకమైన పోలిక ప్రాంతంగా తీసుకోకూడదు. తరలివచ్చిన కుటుంబాల వల్ల అక్కడి కూలిరేటు తగ్గి ఉండవచ్చు, బడిలో పిల్లల సంఖ్య పెరిగి ఉండవచ్చు. రెండూ స్థానిక పిల్లలపై ప్రభావం చూపుతాయి. అందువల్ల కలిదిండిని ప్రభావం చేరిన రెండవ ప్రాంతంగా విడిగా పరిశీలించి, పోలికకు చెరువు పని పెద్దగా లేని దూరపు డెల్టా మండలాలను ఎంచుకోవడం పద్ధతిరీత్యా మేలు. కొల్లేరు నుంచి దూరం పెరిగేకొద్దీ ప్రభావం క్రమంగా తగ్గుతున్నదా అని చూడడం మరొక పరీక్ష.

5. నగదు బదిలీ: ఎవరి హాజరుకు ఎంత విలువ?

రాష్ట్రంలో నమోదును పెంచడానికి ఉద్దేశించిన పెద్ద ఆర్థిక చర్య 2020 జనవరిలో ప్రారంభమైన అమ్మ ఒడి. పేద కుటుంబాల తల్లులకు ఏడాదికి రూ. 15,000 ఇవ్వడం, పిల్లవానికి 75 శాతం హాజరు ఉండాలన్న షరతు దాని స్వరూపం. ఇంట్లో ఎంతమంది పిల్లలున్నా తల్లికి లభించే మొత్తం ఒకటే. 2025 జూన్‌లో ప్రారంభమైన తల్లికి వందనం పథకంలో బడికి వెళ్లే ప్రతి పిల్లవానికీ మొత్తం లభిస్తుంది. రూ. 15,000లో రూ. 2,000 పాఠశాల నిర్వహణకు మినహాయించి రూ. 13,000 తల్లి ఖాతాలో చేరుతుంది.

ఈ తేడా పరిపాలనాపరమైన వివరంగా కనిపించినా, కారణ విశ్లేషణలో కీలకమైనది. 13 ఏళ్ల కొడుకు, 10 ఏళ్ల కూతురు ఉన్న గట్టుమీది కుటుంబాన్ని ఊహిద్దాం. మొదటి పథకం కింద కూతురు బడికి వెళితే రూ. 15,000 వస్తుంది. కొడుకు కూడా వెళితే అదనంగా వచ్చేది సున్నా. ఆ మొత్తం కుటుంబ ఆదాయాన్ని పెంచుతుంది కాబట్టి ఆదాయ మార్గం ద్వారా కొడుకు పని తగ్గవచ్చు. కానీ కొడుకు హాజరుకు ప్రత్యేకమైన ప్రోత్సాహం లేదు. రెండవ పథకం కింద కొడుకు హాజరుకు కూడా విడిగా రూ. 13,000 విలువ ఏర్పడుతుంది. కాబట్టి ఇద్దరు, ముగ్గురు పిల్లలున్న ఇళ్లను ఒకే బిడ్డ ఉన్న ఇళ్లతో పోల్చితే, ఆదాయ ప్రభావాన్నీ ప్రోత్సాహక ప్రభావాన్నీ కొంతవరకు విడదీయవచ్చు. ఒకే బిడ్డ ఉన్న ఇంటికి రెండు పథకాల మధ్య తేడా స్వల్పం. తేడా అంతా మిగిలిన ఇళ్లలోనే. ఒకే బిడ్డ ఉన్న ఇళ్లు ఇతర విషయాలలోనూ భిన్నంగా ఉండవచ్చు కనుక, పథకం మారకముందు రెండు వర్గాల హాజరు ఒకే ధోరణిలో సాగిందా అని ముందు సరిచూడాలి. 2020 మార్చి తరువాత కోవిడ్ వల్ల బడులు మూతపడిన కాలాన్ని ఆ పరిశీలన నుంచి మినహాయించాలి. ఆ రోజుల్లో హాజరు షరతుకు అర్థమే మారిపోయింది.

ప్రోత్సాహకం పనిచేసినా పని మాయమవుతుందని అనుకోకూడదు. విద్యాహక్కు చట్టం 6 – 8 తరగతులకు కనీసం 220 పనిదినాలను నిర్దేశించింది. అందులో 75 శాతం 165 రోజులు. అంటే షరతును పూర్తిగా పాటిస్తూనే 55 బడి రోజులు మానవచ్చు. బడి లేని రోజులు మరో 145. పట్టుబడి ఏడాది పొడవునా ఒకేసారి సాగదు, ఒక్కొక్క చెరువులో ఒక్కొక్క రోజున జరుగుతుంది. ఆ రోజులు ఈ 55 లోపల సులభంగా ఇముడుతాయి. ఉదయం, సాయంత్రం మేత సంచుల పని బడి వేళలకు అడ్డే రాదు. కాబట్టి కలిదిండి బాలుడు నమోదులో ఉంటూ, షరతు నెరవేరుస్తూ, ఏడాదిలో పని మాత్రం అంతే చేయగలడు.

బంగ్లాదేశ్‌లో బడికి పంపిన కుటుంబాలకు ధాన్యం ఇచ్చే పథకంపై మార్టిన్ రావలియన్, క్వెంటిన్ వోడన్ 2000లో ప్రచురించిన అధ్యయనం ఈ అనుమానాన్ని బలపరుస్తుంది. అక్కడ బడికి వెళ్లే పిల్లల పెరుగుదలతో పోల్చితే పిల్లల పనిలో తగ్గుదల చాలా స్వల్పం. బడికి కావలసిన సమయంలో అధిక భాగం పని నుంచి కాక ఆట, విశ్రాంతి నుంచి వచ్చింది. నమోదులో వచ్చిన పెరుగుదలను బాలకార్మికతలో వచ్చిన తగ్గుదలగా అనువదించడం ఎందుకు తప్పో ఈ ఫలితం తెలియజేస్తుంది.

దీనికి మరోవైపు నిషేధం ఉంది. 1986 చట్టం ప్రభావంపై ప్రశాంత్ భరద్వాజ్, లియా లక్డావాలా, నికొలస్ లీ చేసిన పరిశోధన, నిషేధం తరువాత పెద్దల కూలితో పోల్చితే పిల్లల కూలి తగ్గిందని, పేద కుటుంబాలలో పిల్లల పని పెరిగిందని తేల్చింది. నిషేధం కొన్ని వృత్తులకే వర్తించినప్పుడు, పట్టుబడితే జరిమానా అన్న భయాన్ని యజమాని తగ్గించిన కూలి రూపంలో పిల్లవానిపైకి నెడతాడు. తగ్గిన కూలితో అదే ఆదాయం తేవడానికి కుటుంబం మరింత పని చేయించవలసి వస్తుంది. గంపగుత్త జీతంపై ఉన్న గట్టుమీది కుటుంబంలో పిల్లవాని కూలి అనేదే విడిగా లేదు కాబట్టి, ఈ ఫలితాన్ని యథాతథంగా అక్కడికి వర్తింపజేయలేము. కిలో లెక్కన కూలి కట్టే రొయ్యల పనికి మాత్రం ఈ తర్కం దగ్గరగా సరిపోతుంది.

6. ముగింపు

కలిదిండి – కొల్లేరు ప్రాంతం నుంచి తేలే విషయాలు మూడు. ఒకటి, ఇక్కడి పిల్లల పని కాలానుగుణమైనది, కుటుంబం పేరున సాగేది. కనుక ప్రధాన కార్మికుల పట్టికా, సెప్టెంబరు 30 నాటి నమోదూ రెండూ దాన్ని పట్టుకోలేవు. గంటల లెక్క తీసుకోని పరిశోధన, ఎంత పటిష్ఠమైన గణాంక పద్ధతిని వాడినా, వేరొక ప్రశ్నకు సమాధానం చెబుతుంది. రెండు, ఆపరేషన్ కొల్లేరు వంటి సంఘటన గిరాకీ, ఆదాయ మార్గాలను విడదీయగల అరుదైన అవకాశమే. అయితే పిల్లలను నాటి నివాసం ప్రకారం వర్గీకరించకపోతే వలసనే విద్యాభివృద్ధిగా ప్రకటించే ప్రమాదం ఉంది. మూడు, నగదు బదిలీలో తల్లికి ఇంత అనడం, బిడ్డకు ఇంత అనడం వేర్వేరు కారణ ఫలితాలను ఇవ్వగలవు. 75 శాతం హాజరు షరతు బడికి పంపడాన్ని కొనుగోలు చేయగలదు గానీ, పని నుంచి విడుదలను కొనుగోలు చేయలేదు.

ఆదాయ మార్గమే బలమైనదని తేలితే పెద్దల కూలి, అప్పులపై దృష్టి పెట్టాలి. గిరాకీ మార్గమే బలమైనదైతే కుటుంబానికి గంపగుత్తగా జీతం కట్టే కాపలా ఒప్పందాన్ని, కిలో లెక్కన కట్టే కూలిని చట్టం పరిశీలించాలి. పాఠశాల మార్గమైతే బడి దూరాన్ని ఊరి మధ్య నుంచి కాక గట్టుమీది గుడిసె నుంచి కొలవాలి. ఈ మూడింటిలో దేనికి ఎంత బలమో తేలనంత వరకు, పెరిగిన నమోదు శాతం రిజిస్టరు గురించి మాత్రమే చెబుతుంది. గట్టుమీది పిల్లవాని రోజు ఎలా గడిచిందో తెలియాలంటే ఆ రోజునే లెక్కించాలి.